డాలర్‌లో అప్పు, రూపాయల్లో డిపాజిట్

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతికొచ్చాడు.

“మామయ్యా, ఇక్కడ నాకు ఐదు శాతానికి అప్పు దొరుకుతోంది. అక్కడ మీరు డిపాజిట్ మీద ఎనిమిది శాతం వస్తుందంటున్నారు. లక్ష డాలర్లు తీసుకుని అక్కడ వేసేస్తే కూర్చున్నచోట మూడు శాతం మిగలదా?”

“మిగుల్తుందిరా, డాలర్ కదలకుండా కూర్చుంటే” అన్నాను.

విజయవాడలో సీఏ ఫైనల్ చదివే పిల్లలకు ఫైనాన్స్ చెప్పడం నా పని. వాడు అడిగింది మా పేపర్లో తరచూ వచ్చే ప్రశ్నే. కాకపోతే ప్రశ్నపత్రంలో మామయ్యా అనే పిలుపు ఉండదు. రెండు దేశాల వడ్డీ రేట్లు, ఇవాళ్టి మారకపు రేటు, ఆరు నెలల తర్వాతి రేటు ఇచ్చి, ‘ఆర్బిట్రేజ్‌కు అవకాశం ఉందా? ఉంటే ఎలా?’ అని అడుగుతారు. ఆర్బిట్రేజ్ అంటే సొంత డబ్బు పెట్టకుండా, రిస్కు మీద వేసుకోకుండా, రెండు చోట్ల ధరల్లో ఉన్న తేడాను లాభంగా తీసుకోవడం. మావాడు తన ఆలోచనను ఆర్బిట్రేజ్ అనుకున్నాడు, కానీ అది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే వాడి లెక్కే వేసి చూడాలి.

ఇక్కడి అంకెలన్నీ లెక్క సులువు కోసం తీసుకున్నవే. డాలర్ ఇవాళ 84 రూపాయలు అనుకుందాం. ఇవాళ ఇచ్చిపుచ్చుకునే ఈ ధరే స్పాట్ రేటు. లక్ష డాలర్లు మార్చితే 84 లక్షల రూపాయలు వస్తాయి. ఏడాదికి 8 శాతం కాబట్టి ఆరు నెలలకు 4 శాతం వడ్డీ, మొత్తం 87,36,000 రూపాయలు అవుతుంది. అటువైపు అప్పు ఏడాదికి 5 శాతం, ఆరు నెలలకు రెండున్నర. వాడు తీర్చాల్సింది 1,02,500 డాలర్లు. ఆరు నెలల తర్వాత కూడా డాలర్ 84 దగ్గరే ఉంటే అప్పు తీర్చడానికి 86,10,000 చాలు, లక్షా ఇరవై ఆరు వేలు మిగులుతాయి. ఈలోగా డాలర్ 87కు పోయిందనుకోండి. అప్పు తీర్చడానికి 89,17,500 కావాలి. చేతిలో ఉన్నది 87,36,000. అంటే లక్షా ఎనభై ఒక్క వేల అయిదు వందలు ఎదురు పెట్టుకోవాలి. వాడు వడ్డీ మీద పెట్టుబడి పెడుతున్నాననుకున్నాడు గానీ, నిజానికి రూపాయి పడిపోదని పందెం కాస్తున్నాడు.

మరి డాలర్ ఎంత దగ్గర ఉంటే లాభమూ నష్టమూ లేకుండా పోతుంది? చేతికొచ్చే 87,36,000 రూపాయలను తీర్చాల్సిన 1,02,500 డాలర్లతో భాగిస్తే 85.23 వస్తుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం మొత్తం ఈ ఒక్క భాగహారంలో ఉంది.

ఫార్వర్డ్ రేటు అంటే ఆరు నెలల తర్వాత డాలర్ ఏ ధరకు కొంటామో, ఏ ధరకు అమ్ముతామో బ్యాంకుతో ఇవాళే రాసుకునే ఒప్పందపు రేటు. రేపు డాలర్ ఎక్కడికి పోతుందో జోస్యం చెబితే వచ్చేది కాదు అది. వడ్డీల్లోంచి పుడుతుంది. మావాడు డాలర్లు రూపాయలుగా మార్చిన రోజే, ఆరు నెలల తర్వాత తనకు కావలసిన 1,02,500 డాలర్లను ఫార్వర్డ్‌లో కొనేసుకుంటే పందెం ఉండదు. రాబడి, ఖర్చు రెండూ ఇవాళే తెలిసిపోతాయి. అలా అన్నీ ముందే తెలిసిన ఏర్పాటులో ఊరికే లాభం మిగలకూడదు. మిగిలితే అందరూ అదే పని చేస్తారు. లాభం మిగలకుండా చేసే ధరే ఆ 85.23. వడ్డీ ఎక్కువున్న కరెన్సీ ఫార్వర్డ్‌లో సరిగ్గా ఆ వడ్డీ తేడా మేరకు చౌకవుతుందనే ఈ నియమాన్ని వడ్డీ రేట్ల సమతుల్యత అంటారు. క్లాసులో మాత్రం అందరం ఇంట్రెస్ట్ రేట్ పారిటీ అనే అంటాం.

సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

ఫార్వర్డ్ రేటు = స్పాట్ రేటు × (1 + రూపాయి వడ్డీ) ÷ (1 + డాలర్ వడ్డీ)

మన అంకెలతో 84 × 1.04 ÷ 1.025 = 85.23.

ఇందులో పిల్లలు జారిపడే చోట్లు రెండున్నాయి. మొదటిది, ఏ వడ్డీ పైన, ఏ వడ్డీ కింద అన్నది. ధర ఏ కరెన్సీలో చెబుతున్నారో ఆ వడ్డీ పైన ఉండాలి. డాలర్‌కు 84 రూపాయలు అంటున్నామంటే ధర చెప్పింది రూపాయల్లో, కాబట్టి రూపాయి వడ్డీ పైకి పోతుంది. యూరోకు ఇన్ని డాలర్లు అని ఇస్తే డాలర్ వడ్డీ పైకి వస్తుంది. సొంత దేశం, పరాయి దేశం అని బట్టీపట్టినవాళ్లకు, రెండూ పరాయి కరెన్సీలైన ప్రశ్న వస్తే చెయ్యి ఆడదు.

రెండోది కాలం. ప్రశ్నలో వడ్డీ ఏడాదికి ఇస్తారు, ఫార్వర్డ్ మూడు నెలలకో ఆరు నెలలకో ఇస్తారు. తొందరలో 8, 5 శాతాలను సగం చేయకుండా అలాగే వేస్తే 84 × 1.08 ÷ 1.05 = 86.40 వస్తుంది. ఈ తప్పుతో పోయేది ఒకటి రెండు మార్కులే అనుకోకండి. మార్కెట్లో ఫార్వర్డ్ 85.50 ఉందనుకుందాం. అసలు న్యాయమైన ధర 85.23 కాబట్టి మార్కెట్లో డాలర్ ప్రియంగా ఉంది. 86.40 అని లెక్కేసినవాడికి అదే డాలర్ చౌకగా కనిపిస్తుంది. వాడు డాలర్ అప్పు తెచ్చి, 85.50కి ఫార్వర్డ్ కొని, 1,02,500 డాలర్లకు 87,63,750 కట్టి, 27,750 నష్టపోయి, దానికి ఆర్బిట్రేజ్ లాభం అని పేరు పెడతాడు. జవాబు దిక్కే తిరగబడిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. స్పాట్ 84, వడ్డీలు ఇందాకటివే, మార్కెట్లో ఆరు నెలల ఫార్వర్డ్ 84.80. ఆర్బిట్రేజ్ ఉందా?

న్యాయమైన ధర 85.23, మార్కెట్ ధర 84.80. ఫార్వర్డ్‌లో డాలర్ చౌకగా దొరుకుతోంది. చౌకగా దొరికేదాన్ని కొనాలి. కాబట్టి మన ఏర్పాటులో చివరి అడుగు, ఫార్వర్డ్‌లో డాలర్లు కొనడం అని తేలిపోయింది. ఆరు నెలల తర్వాత డాలర్లు ఎవరికి కావాలి? డాలర్ అప్పు తీర్చాల్సినవాడికి. అంటే అప్పు డాలర్లలో తేవాలి. చివరి అడుగు తెలిస్తే మొదటి అడుగు దానంతటదే వస్తుంది. దిక్కు ఎటో పట్టుకోవడానికి పిల్లలకు నేను చెప్పే దారి ఇదే.

లక్ష డాలర్లు అప్పు తెచ్చి 84 చొప్పున మార్చితే 84 లక్షలు. ఆరు నెలలు డిపాజిట్ చేస్తే 87,36,000. అదే రోజున 1,02,500 డాలర్లను 84.80 చొప్పున ఫార్వర్డ్‌లో కొనుక్కున్నాం కాబట్టి కట్టాల్సింది 86,92,000. మిగిలింది 44,000 రూపాయలు. మన డబ్బు పైసా పెట్టలేదు, డాలర్ ఎటు పోయినా మనకు పట్టదు. మావాడి ఆలోచనకూ దీనికీ తేడా ఆ ఒక్క ఫార్వర్డ్ ఒప్పందమే.

ఇంత సులువుగా 44,000 వస్తే ఎవరు వదులుతారు? ఎవరూ వదలరు, అందుకే అది నిలవదు. అందరూ డాలర్లు తెచ్చి స్పాట్‌లో అమ్ముతుంటే 84 కిందికి దిగుతుంది. అందరూ ఫార్వర్డ్‌లో డాలర్లు కొంటుంటే 84.80 పైకి ఎక్కుతుంది. డాలర్ అప్పుకు గిరాకీ పెరిగి దాని వడ్డీ పెరుగుతుంది, రూపాయి డిపాజిట్లు పోటెత్తి వాటి వడ్డీ తగ్గుతుంది. నాలుగూ కలిసి ఆ సందును మూసేస్తాయి. పరీక్షలో ‘ఈ అవకాశం ఎందుకు నిలవదు’ అని అడిగితే రాయాల్సింది ఈ నాలుగు కదలికలే.

ఇంతవరకు మనం ఒక అబద్ధం మీద నడిచాం. కొన్నా అమ్మినా డాలర్ 84 అనీ, అప్పు తెచ్చినా డిపాజిట్ వేసినా వడ్డీ 8 అనీ అనుకున్నాం. మన వీధి చివరి బంగారం కొట్టులో కూడా కొనే ధర, అమ్మే ధర ఒకటి కాదు. బ్యాంకూ అంతే. అసలైన ప్రశ్నలో ప్రతిదానికీ రెండేసి అంకెలుంటాయి. స్పాట్ 83.95/84.05. ఆరు నెలల ఫార్వర్డ్ 84.75/84.90. రూపాయి డిపాజిట్ 7.75 శాతం, అప్పు 8.25. డాలర్ డిపాజిట్ 4.75, అప్పు 5.25. జంటలోని మొదటి ధర బ్యాంకు మన దగ్గర డాలర్ కొనేది, రెండోది మనకు అమ్మేది. ఏది ఎక్కడ వాడాలో తికమక పడితే ఒక్క మాట గుర్తుంచుకోండి: ప్రతి మెట్టు దగ్గరా మనకు నష్టంగా ఉండే అంకే మనది. తేడా ఎప్పుడూ బ్యాంకుకే.

పాత దారిలోనే మళ్లీ నడుద్దాం. లక్ష డాలర్ల అప్పుకు ఆరు నెలల వడ్డీ 2.625 శాతం, తీర్చాల్సింది 1,02,625 డాలర్లు. డాలర్లు అమ్మేది మనం కాబట్టి బ్యాంకు ఇచ్చేది 83.95. చేతికి 83,95,000 రూపాయలు వస్తాయి. డిపాజిట్ మీద ఆరు నెలలకు 3.875 శాతం, మొత్తం 87,20,306. ఫార్వర్డ్‌లో కొనేది మనం కాబట్టి 84.90 కట్టాలి. 1,02,625 డాలర్లకు 87,12,862. మిగిలింది 7,444 రూపాయలు. ఇందాకటి 44,000లో ఐదో వంతు కూడా కాదు. మిగతాదంతా కొనే అమ్మే ధరల మధ్య తేడా మింగేసింది.

ఇక్కడే ఒక చిన్న మార్పు చేయండి. ఫార్వర్డ్‌లో అమ్మే ధర 84.90 బదులు 85 పెట్టండి. అప్పు తీర్చడానికి 87,23,125 కావాలి, అంటే 2,819 రూపాయలు నష్టం. సూత్రం ప్రకారం న్యాయమైన ధర 85.23, మార్కెట్లో 85, చూడబోతే డాలర్ ఇంకా చౌకే. సూత్రంతో ఆపేసినవాడు ‘ఆర్బిట్రేజ్ ఉంది’ అని రాస్తాడు. చుట్టూ తిరిగి వచ్చినవాడు ‘లేదు’ అని రాస్తాడు. రెండోవాడే సరి.

మరి రెండో దిక్కు? రూపాయలు అప్పు తెచ్చి, డాలర్లు కొని, డాలర్ డిపాజిట్ వేసి, వచ్చిన డాలర్లను ఫార్వర్డ్‌లో అమ్మే దారి. లక్ష డాలర్లు కొనడానికి 84,05,000 కావాలి, ఆరు నెలలకు దాని మీద 4.125 శాతం వడ్డీతో 87,51,706 తీర్చాలి. డాలర్ డిపాజిట్ 1,02,375 అవుతుంది. దాన్ని 84.75కు అమ్మితే 86,76,281. అంటే 75,425 నష్టం. ఒక దిక్కున నష్టం వచ్చింది కాబట్టి రెండో దిక్కున లాభం ఉండి తీరుతుందని చాలామంది అనుకుంటారు. ఒకే ధర ఉన్న లెక్కలో అది నిజం. రెండేసి ధరలున్న లెక్కలో రెండు దిక్కులా నష్టమే రావచ్చు.

ఎందుకో చూడండి. మొదటి దారిలో లాభం రావాలంటే ఫార్వర్డ్‌లో మనకు అమ్మే ధర 84.97 లోపు ఉండాలి. 87,20,306ను 1,02,625తో భాగిస్తే వచ్చేది అదే. రెండో దారిలో లాభం రావాలంటే మన దగ్గర కొనే ధర 85.49 దాటాలి. 87,51,706ను 1,02,375తో భాగించండి, సరిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న 52 పైసల జాగాలో ఫార్వర్డ్ ఎక్కడున్నా ఎవరికీ ఏమీ మిగలదు. అంచేత నిజం మార్కెట్లో పారిటీ అనేది ఒక గీత కాదు, రెండు గోడల మధ్య సందు. 85.23 ఆ సందు మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఈ సిద్ధాంతాన్ని వివరంగా రాసిన ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1923లో వచ్చిన ‘ఎ ట్రాక్ట్ ఆన్ మానిటరీ రిఫార్మ్’ పుస్తకంలోనే, లాభం ఏడాదికి అర శాతమైనా ఉంటే తప్ప డబ్బు ఒక దేశం నుంచి మరో దేశానికి కదలదని గమనించాడు. ఆయన లండన్, న్యూయార్క్ మధ్య చూసిన సందే ఈనాటి ప్రశ్నపత్రంలో రెండేసి అంకెల రూపంలో కనిపిస్తోంది.

మన దేశంలో ఈ గోడలు ఇంకా మందం. మావాడిలా డాలర్లు అప్పు తెచ్చి ఇక్కడ డిపాజిట్ వేస్తానంటే ఎవరికి పడితే వారికి కుదరదు. పెట్టుబడుల రాకపోకల మీద నిబంధనలున్నాయి. అందువల్ల మన ఫార్వర్డ్ ప్రీమియం, అంటే స్పాట్ మీద ఫార్వర్డ్ ఎంత ఎక్కువుందనేది, వడ్డీ తేడాతో అచ్చంగా సరిపోలకుండా ఎగుమతిదారుల, దిగుమతిదారుల గిరాకీని బట్టి కూడా ఊగుతుంది.

ఆ గోడకు రిజర్వ్ బ్యాంకే తెలిసి తెలిసి ఒక తలుపు తెరిచిన సందర్భం ఒకటుంది. 2013 మే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తుందన్న మాట రాగానే మన దేశం నుంచి డాలర్లు వెనక్కి పోవడం మొదలైంది. ఆగస్టు 28న డాలర్ 68 రూపాయలు దాటింది. సెప్టెంబర్ 4న రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా రఘురామ్ రాజన్ బాధ్యత తీసుకున్నారు. ప్రవాస భారతీయులు డాలర్లలో వేసి డాలర్లలోనే వెనక్కి తీసుకునే డిపాజిట్లను ఎఫ్‌సీఎన్‌ఆర్ (బి) అంటారు. మూడేళ్లకు తక్కువ కాకుండా అలాంటి డిపాజిట్లు తెచ్చిన బ్యాంకులకు, ఆ డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, గడువు తీరాక డాలర్లు తిరిగి ఇస్తామని రిజర్వ్ బ్యాంకు మాటిచ్చింది. దానికి ప్రీమియం ఏడాదికి 3.5 శాతమే. అప్పట్లో మార్కెట్లో ఆ రక్షణ కొనాలంటే అంతకంటే చాలా ఎక్కువ కట్టాలి.

మన చుట్టును దీనికి పెట్టి చూడండి. డాలర్ డిపాజిట్ మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ 4 శాతమనుకుంటే, రక్షణకు 3.5 కలిపితే ఏడున్నర చిల్లర. అప్పట్లో ఇక్కడ రూపాయలు సమకూర్చుకోవడానికి బ్యాంకులు పెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువ. ఫార్వర్డ్ ధరను పారిటీ చెప్పిన దానికంటే చౌకగా ఇచ్చారు కాబట్టి ఇది అచ్చమైన ఆర్బిట్రేజ్. మన ప్రశ్నలోని 84.80 లాంటిదే. కొన్ని బ్యాంకులు ప్రవాసులకు విదేశంలో అప్పిచ్చి మరీ డిపాజిట్ వేయించుకున్నాయి. నవంబర్ 30న తలుపు మూసేసరికి ఈ డిపాజిట్ల ద్వారా, బ్యాంకులు విదేశాల్లో తెచ్చుకున్న అప్పుల ద్వారా కలిపి 34 బిలియన్ డాలర్లు వచ్చాయి. రూపాయి కుదుటపడింది. చౌకగా ఇచ్చిన ఫార్వర్డ్ భారం రిజర్వ్ బ్యాంకు మోసింది. పాఠ్యపుస్తకంలో ఆర్బిట్రేజ్ దానంతటది మూతపడుతుంది. ఇక్కడ గడువు తేదీ వేసి మూశారు.

మావాడికి ఇదంతా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. “అయితే ఫార్వర్డ్ కొనుక్కుంటే లాభం పోతుంది, కొనకపోతే నిద్ర పోతుంది. అంతేనా మామయ్యా?” అన్నాడు. అంతేరా అన్నాను.

పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. సూత్రం వేసి న్యాయమైన ఫార్వర్డ్ రాస్తే అది జవాబుకు మొదలు మాత్రమే. ఒక ధరే ఇచ్చిన ప్రశ్నలో అది దిక్కు చూపిస్తుంది. అక్కడ ఒక్క చుట్టు తిరిగి లాభం రూపాయల్లో చూపిస్తే సరిపోతుంది. రెండేసి ధరలిచ్చిన ప్రశ్నలో రెండు దిక్కులా, మనకు నష్టంగా ఉండే అంకెలతో, చివరి రూపాయి దాకా తిరిగి రావాలి. రెండు దిక్కులా నష్టం వస్తే భయపడి అంకెలు మార్చకండి. ‘ఆర్బిట్రేజ్‌కు అవకాశం లేదు’ అన్నదీ పూర్తి జవాబే, పైన రెండు చుట్ల లెక్కా ఉంటే.